పాప పుట్టిన ఇళ్ళకి, బాబు పుట్టిన ఇళ్ళకి నేను పంపిన మెసేజ్‌లు

హాస్టల్లో నాలుగేళ్ళు ఒకే రూమ్‌లో ఉన్న సిరికి, పాప పుట్టిన రోజు. పుట్టింటికి, భీమవరం వెళ్ళింది పురుటికి. దీనికి "కంగ్రాట్స్" అని ఒక్క ముక్క పెడితే జన్మలో మాట్లాడదు నాతో, అందుకే ఇంత.

ఒసేయ్ సిరీ!! అమ్మవైపోయావే!!! పొద్దున్నే మీ ఆయన ఫోన్ చేసి "అక్కా పాప, ఇద్దరూ బాగున్నారు" అన్నాడు, అంతే, ఇంక నిద్రెక్కడిది, లేచి స్నానం చేసి దీపం పెట్టేశా. మా ఆయన్ని లేపి చెప్తే "ఇంటికి లక్ష్మి వచ్చింది, స్వీట్ ఏది" అని అడిగి అటు తిరిగి పడుకున్నాడు. ఫోటో ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో. ఆ ముక్కు నీదే, మీ అత్తగారు మా వాళ్ళ పోలికేనమ్మా అంటే అననీ, వాదించకు, పిల్లలు వారానికో పోలికకి మారతారు, చివరికి ఎవరి పోలికలో తేలేసరికి స్కూల్లో వేసేస్తాం.

నేను ఇప్పుడే రాను. రావాలని లేక కాదు, ఆపరేషన్ అయింది కదా, కుట్లు నొప్పి మీద నువ్వు లేచి కూర్చుని వచ్చినోళ్ళందరికీ నవ్వు మొహం పెట్టక్కర్లేదు. ఇరవయ్యొకటో రోజు ఉయ్యాల్లో వేస్తారని ఆంటీ చెప్పారు, దానికి ముందు రోజే దిగుతా, పూలు కట్టడం, ఉయ్యాల డెకరేషన్ అంతా నాది, నువ్వు మంచం దిగకు. ఈలోపు మా అమ్మ కాయం చేసి పంపిస్తోంది, శొంఠి పిప్పళ్ళు బెల్లం నెయ్యి అన్నీ వేసి, కానీ డాక్టర్‌ని ఒకమాట అడిగి మొదలుపెట్టు. మునగాకు తెలగపిండి కూర మీ ఇంట్లో ఎలాగూ చేస్తారు, గోదావరి జిల్లాలో బాలింతకి అది పెట్టకుండా ఊరుకుంటారా.

రెండు మూడు మాటలు చెప్తా, పెద్దమ్మ హోదాలో. బాలింత నీళ్ళు ఎక్కువ తాగకూడదు అని ఎవరో ఒకరు అంటారు, ఆ చెవితో విని ఈ చెవితో వదిలెయ్, పాలివ్వాలంటే నీళ్ళు కావాలి. ఇవాళా రేపూ పాలు చాలట్లేదేమో అని ఏడవకు, మొదట్లో వచ్చే ఆ చిక్కటి ముర్రుపాలు రెండు చుక్కలైనా దాని బుజ్జి పొట్టకి చాలు, ఆపరేషన్ అయినవాళ్ళకి పాలు పడటం కాస్త లేటవుతుంది, దాన్ని దగ్గర పెట్టుకుని పట్టిస్తూనే ఉండు. ఇంకోటి, ముద్దుగా నాలిక మీద తేనె నాకిస్తామని వస్తారు, వద్దని గట్టిగా చెప్పు, ఏడాది నిండేదాకా తేనె పెట్టొద్దనే డాక్టర్లందరూ చెప్పేది. చెప్పడానికి నీకు మొహమాటమైతే నాకు ఫోన్ కలుపు, నేను చెడ్డదాన్ని అవుతా.

ఊరికే ఏడుపొస్తే కంగారు పడకు, చాలామందికి వస్తుంది మొదటి వారం పదిరోజులు, నాకూ వచ్చింది. తగ్గకుండా అలాగే ఉంటే మాత్రం దాచుకోకు, డాక్టర్‌కి చెప్పాలి. రాత్రి రెండింటికైనా ఫోన్ చెయ్, హాస్టల్లో రెండింటికి మ్యాగీ చేసుకున్నాం కదా ఇప్పుడు నాకేం కొత్త. రిప్లై పెట్టకు, పడుకో. పాపకి పెద్దమ్మ ముద్దులు బోలెడు.

వాళ్ళాయనకి వేరేగా పెట్టా, మగవాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పరు, కంగ్రాట్స్ బ్రో పార్టీ ఎప్పుడు అని తప్ప.

తమ్ముడూ, నాన్నవయ్యావు, చాలా చాలా సంతోషం. రెండు రాత్రులుగా నువ్వూ నిద్రపోలేదని ఆంటీ చెప్పారు, ఆస్పత్రి కుర్చీలో కాదు ఇంటికెళ్ళి ఓ నాలుగు గంటలు పడుకో, ఆంటీ ఉన్నారుగా. ఒక్క పని మాత్రం నీ మీద పెట్టుకో, బర్త్ రిజిస్ట్రేషన్. ఆస్పత్రి వాళ్ళే పంపిస్తారులే కానీ 21 రోజుల్లోపు అయిందో లేదో నువ్వే కనుక్కో, పేరు ఇంకా కుదరలేదని ఆగక్కర్లేదు, పేరు తర్వాత ఎక్కించుకోవచ్చు, ఏడాదిలోపైతే దానికి ఫీజు కూడా ఉండదు. అమ్మ పేరు నాన్న పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా అని స్పెల్లింగ్ రెండుసార్లు చూడు. 2023 అక్టోబర్ నుంచి రూల్ మారాక స్కూలుకైనా ఆధార్‌కైనా ఆ సర్టిఫికెట్టే అడుగుతారు. రాత్రి డైపర్ డ్యూటీ నీది, ఇది అక్క ఆర్డర్.

సిరి వాళ్ళమ్మగారికి:

ఆంటీ, అమ్మమ్మగారు అయిపోయారు! కంగ్రాట్స్ ఆంటీ. మీరు పురుడు పోసే హడావిడిలో మీ బీపీ టాబ్లెట్ మర్చిపోకండి. అంకుల్ గారికి మా నమస్కారాలు, తాతగారి స్వీట్లు నా వాటా దాచమనండి.

మా బాబాయి కొడుకు డాలస్‌లో ఉంటాడు. నెలలు నిండకుండానే, 33 వారాలకే బాబు పుట్టాడు, ఎన్ఐసీయూలో పెట్టారు. మా ఫ్యామిలీ గ్రూపులో ఎవరూ శుభాకాంక్షలు పెట్టలేదు, అందరూ "ఎలా ఉంది" "డాక్టర్లు ఏమన్నారు" అనే. వాడికి బిడ్డ పుట్టాడన్న సంగతే ఎవరూ వాడితో అనలేదు అనిపించింది.

రేయ్ చిన్నోడా, ముందు ఇది చెప్పనీ. శుభాకాంక్షలు రా. నువ్వు నాన్నవయ్యావు, నేను మేనత్తనయ్యాను. వాడు కేజీ ఎనిమిది వందల గ్రాములున్నా నా మేనల్లుడు నా మేనల్లుడే, తొందరపడి వచ్చేశాడు అంతే, నువ్వూ అంతే కదా ఎక్కడికైనా గంట ముందే బయల్దేరదాం అంటావు.

ఇవాళ బరువెంత, ట్యూబు తీశారా, ఆక్సిజన్ ఎంత అని నేను అడగను. నీకు చెప్పాలనిపించినప్పుడు చెప్పు, గ్రూపులో అందరికీ చెప్పే పని నాకు ఇచ్చెయ్, రోజుకోసారి నాకొక్క వాయిస్ పంపు చాలు, పెద్దవాళ్ళందరికీ నేను చెప్తా, నీ ఫోన్ మోగదు. మరదలు పిల్లకి చెప్పు, ఇందులో తను చేసిన తప్పేమీ లేదు, అది తిన్నావా ఇది ఎత్తావా అని ఎవరన్నా అడిగితే ఫోన్ పెట్టేయమను. నర్సులు ఒప్పుకున్నప్పుడల్లా వాణ్ణి చొక్కా విప్పి గుండెకి ఆనించుకో, నువ్వు కూడా, అమ్మే చేయాలని లేదు, బరువు తక్కువ పిల్లలకి అది మందులాంటిదే అని మా పిల్లల డాక్టర్ ఎప్పుడూ చెప్తుంటారు. పెద్దమ్మ అన్నవరం మొక్కుకుంది, వాడు ఇంటికి రాగానే సత్యనారాయణ వ్రతం అట, నువ్వు అక్కడుంటే ఇక్కడ మేం చేయించి ప్రసాదం మేమే తినేస్తాం, నీకు ఫోటో వస్తుంది. నీకు రాత్రైనప్పుడు నాకు పగలు, అది ఒకందుకు మంచిదైంది, నిద్ర పట్టకపోతే ఫోన్ చెయ్, ఏమీ మాట్లాడకపోయినా పర్లేదు.

పాత ఆఫీసులో నాతో పనిచేసిన మేడమ్ గారు, వాళ్ళాయన పాపని దత్తత తీసుకున్నారు. రిజిస్టర్ చేసుకుని మూడేళ్ళ పైనే ఎదురుచూశారు. "గొప్ప పుణ్యం చేశారండీ" అని వాళ్ళకి ఇప్పటికే చాలామంది చెప్పి ఉంటారు, నాకు ఆ మాట నచ్చదు, పిల్లని తెచ్చుకున్నారు కానీ దానం చేశారా ఏంటి.

మేడమ్, పాప ఇంటికొచ్చిందని తెలిసి ఎంత ఆనందమేసిందో. ఎనిమిది నెలల పాప అంటే ఇంక ఇల్లంతా పాకేస్తుంది, సోఫా కింద దుమ్ము మొత్తం తనే తీసేస్తుంది మీకు. మీ ఇద్దరికీ, నానమ్మగారికీ మా ఇంటిల్లిపాది తరఫున శుభాకాంక్షలు. ముందు పాప మీకు అలవాటు పడాలి కదా, ఇప్పుడే రాము, రమ్మన్న రోజు వస్తాం. మా వాడి బొమ్మల బండి, ఎత్తు కుర్చీ బాగానే ఉన్నాయి, కావాలంటే కడిగి పంపిస్తా, వద్దంటే వద్దని చెప్పండి, ఏమీ అనుకోను.

మా టీమ్ మేనేజర్ గారికి. గ్రూపులో అందరూ ఒకే స్టిక్కర్ గుద్దేశారు, నేను విడిగా పెట్టా. పొడుగ్గా రాసేంత చనువు లేదు.

నమస్తే సర్. బాబు పుట్టాడని గ్రూపులో చూశాను. మీకూ మేడమ్ గారికీ హృదయపూర్వక శుభాకాంక్షలు. తల్లీబిడ్డ క్షేమంగా ఉన్నందుకు చాలా సంతోషం సర్. శుక్రవారం రిలీజ్ సంగతి మేం చూసుకుంటాం, లీవ్‌లో లాప్‌టాప్ తెరవకండి ప్లీజ్.

కింద ఫ్లాట్ వాళ్ళకి, లిఫ్ట్‌లో నవ్వుకోవడమే తప్ప పేర్లు కూడా సరిగ్గా తెలీదు. రెండోసారీ పాపే. వాచ్‌మన్ దగ్గర్నుంచి అందరూ "అయ్యో మళ్ళీ ఆడపిల్లేనా" అనడం విన్నా, ఒళ్ళు మండింది.

నమస్తే అండీ, పైన 304 వాళ్ళం. చిన్నారి వచ్చిందని తెలిసింది, మీ అందరికీ శుభాకాంక్షలు. మీ పెద్దమ్మాయి మొన్న లిఫ్ట్‌లో "నాకు చెల్లెలు పుట్టింది" అని ఎంత గర్వంగా చెప్పిందో! అక్క అయింది కదా, తనకోసం రంగుల పెన్సిళ్ళు తెచ్చాం, వాచ్‌మన్‌తో పంపిస్తున్నాం. రాత్రి పాప ఏడుపు వినిపిస్తోందేమో అని అస్సలు మొహమాటపడకండి, మాకూ అయ్యాయి ఆ రోజులు.

మా ఇంట్లో పనిచేసే యాదమ్మకి మనవడు పుట్టాడు, గవర్నమెంట్ ఆస్పత్రిలో. ఆమె చదవలేదు, అందుకని వాయిస్ పెట్టా, అదే ఇక్కడ:

యాదమ్మా, నానమ్మవైనవంట కదా! మస్తు సంతోషం. కోడలు మంచిగుందా, బాబు పాలు తాగుతుండా? డిశ్చార్జ్ అయినాక 102 బండి ఇంటిదాకా దింపుతది, పైసలు ఇయ్యకు, అది ఫ్రీ. టీకాల కార్డు జాగ్రత్తగ దాచిపెట్టు, పుట్టంగనే వేసినవి అందులో రాసినరో లేదో అడుగు, మళ్ళ ఆరు వారాలకి వేయించాలె. ఇంట్ల పని గురించి ఫికర్ చెయ్యకు, నెల రోజులు ఉండు కోడలి కాడ, జీతం కోత లేదు. బాబుకి బట్టలు, మెత్తటి పాత కాటన్ చీరలు రెండు తీసి పెట్టిన, మీ ఆయనని పంపు.

మావారి మేనమామ తోడల్లుడి కొడుకు, కాకినాడ. చుట్టరికం నాకిప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు కానీ బారసాల కార్డు మాత్రం ఠంచనుగా వచ్చింది, పోలేము.

నమస్కారమండీ. బారసాల కార్డు అందింది, చాలా సంతోషం. పిల్లాడికి స్కూల్లో పరీక్షలు, రాలేకపోతున్నాం, ఏమీ అనుకోవద్దు. చదివింపులు 1,116 మీ నంబర్‌కి ఫోన్‌లో వేశాం, వచ్చిందో లేదో ఒకసారి చూడండి. బాబుకి మా ఆశీస్సులు, పేరేం పెట్టారో చెప్పండి, అత్తయ్యగారు అడుగుతున్నారు.