తెల్ల గుడ్డ ముందు మొదటి రాత్రి

జులై 25, 2025, శుక్రవారం. నిన్న అమావాస్య. చీకటి పడేసరికి 27 డిగ్రీలు. గాలి లేదు. మధ్యాహ్నం పడ్డ జల్లుకి ఎండుటాకుల కింద నేల ఇంకా తడిగానే ఉంది.

రాత్రి వెలుతురుకి వచ్చే పురుగుల్ని లెక్కపెట్టడానికి టేకు, మద్ది చెట్ల మధ్య తాడు కట్టి తెల్ల గుడ్డ వేలాడదీశాం. ముందు 160 వాట్ల మెర్క్యురీ బల్బు. జనరేటర్ దూరంగా పెడదామనుకున్నాం కానీ కేబుల్ చాలలేదు. రాత్రంతా దాని మోతే.

అరగంటకోసారి గుడ్డ మీద ఏవి ఎన్ని ఉన్నాయో రాయడం నా పని. తేలికే అనుకున్నాను. మొదట వచ్చినవన్నీ పేడపురుగులు. ఒకటి నా కాలర్‌లో దూరి అందరినీ నవ్వించింది. ఎనిమిదిన్నర దాటాక మాత్‌లు, అంటే రాత్రిపూట ఎగిరే సీతాకోకచిలుకల్లాంటివి, మొదలయ్యాయి. అవి వెలుతురుని ప్రేమించి వస్తాయనుకునేదాన్ని. అక్క వేరేలా చెప్పింది: రాత్రిపూట ఆకాశమే కాస్త వెలుతురుగా ఉంటుంది కాబట్టి ఎగిరే పురుగులు వీపు వెలుతురు వైపు ఉంచుకుంటాయట. బల్బు పక్కకి వస్తే వీపు అటు తిరుగుతుంది, దాంతో దారి వంగిపోయి తిరుగుతూనే ఉంటాయి. తర్వాత గమనిస్తే నిజమే, కొన్ని బల్బు పైకి రాగానే తలకిందులై దబ్బున పడుతున్నాయి.

పదీ ఇరవైకి టసర్ మాత్ వచ్చింది. అరచేయంత ఉంది. ఒక్కో రెక్కలో గుండ్రటి గాజు కిటికీ లాంటి మచ్చ, దానిలోంచి గుడ్డ నేత కనిపిస్తోంది. మీసాలు ఈకల్లా ఉన్నాయి, అంటే మగది. దీని నోరు పనిచేయదు. పురుగుగా ఉన్నప్పుడు మద్ది ఆకు తిని దాచుకున్న కొవ్వుతోనే ఉన్న కొద్ది రోజులూ గడుపుతుంది. ముట్టుకోకూడదని తెలిసీ ముట్టుకున్నాను. బొటనవేలికి గోధుమరంగు పొడి అంటుకుంది. ఈ పేజీ మూలన ఉన్న మరక అదే.

ఆ తర్వాత అక్క తాళాలగుత్తి గలగలలాడించింది. గాల్లో ఉన్న చిన్నవి రెండు రాయిలా నేలమీద పడ్డాయి. మనకి వినిపించని ఆ సన్నని మోత వాటికి గబ్బిలం అరుపులా ఉంటుందట. నేను మూడుసార్లు ఆడించాను, పాపం.

రాత్రి రెండు గంటలకి కూడిక వేస్తే 143 వచ్చింది. గర్వంగా అక్కకి చూపించాను. "కూడమని ఎవరన్నారే?" అంది. కుడి రెక్క చివర చిరిగిన బూడిద మాత్ పదకొండు నుంచీ అక్కడే ఉంది. దాన్ని ఆరుసార్లు లెక్కపెట్టాను! రకం వారీగా ఏ అరగంటలో ఎక్కువ ఉంటే ఆ అంకె ఒక్కటే తీసుకోవాలట. కొట్టేసి మళ్లీ చేస్తే 58 తేలింది.

నాలుగున్నరకి దీపం ఆపాం. వెలుగు రాకముందే గుడ్డ దులపాలని ముందే చెప్పారు, నాకు కునుకు పట్టింది. లేచేసరికి కొమ్మ మీద ఒక నల్ల పిట్ట, తోక చీలింది. గుడ్డ దగ్గరికి వచ్చి ఒక్కొక్కటే అందుకుని వెళ్తోంది. చిరిగిన రెక్కది ఇంకా అక్కడే ఉంది. డబ్బాలోకి తీసుకుని, దూరంగా పొద చాటున వదిలాను.