విషయం: జూలై 1 నుంచి నా డిజైన్ రేట్లలో మార్పు

సుజాత గారికి,

నమస్కారం. జూలై 1 నుంచి నా డిజైన్ రేట్లు పెంచుతున్నాను. మీ పనులకు ఈ పెంపు 20 శాతం. బిల్లు చేతికి వచ్చాక తెలిసే పరిస్థితి మీకు రాకూడదని ఆరు వారాల ముందే రాస్తున్నాను.

మనం కలిసి పని చేయడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. నాలుగేళ్ల క్రితం ఖరారు చేసుకున్న రేటే ఇప్పటికీ నడుస్తోంది. ఈలోగా సాఫ్ట్‌వేర్ చందాలు, ఫాంట్ లైసెన్సుల ఖర్చు పెరిగిన మాట నిజమే కానీ, అసలు కారణం అది కాదు. పని స్వరూపమే మారింది. అప్పట్లో సబ్బు లేబుల్ అంటే ఒకే ఫైలు; ప్రెస్‌కు పంపితే పని పూర్తయ్యేది. ఇప్పుడు అదే లేబుల్‌కు తోడుగా డబ్బా, ఆన్‌లైన్ అమ్మకాలకు చదరపు బొమ్మ, ఫోను తెరకు నిలువు బొమ్మ, వెబ్‌సైట్‌కు అడ్డ బ్యానర్ కావాలి. కొలత మార్చినంత మాత్రాన సరిపోదు. ప్రతిదానిలోనూ అక్షరాలను మళ్లీ మొదటి నుంచి అమర్చాల్సిందే. పైగా తెర మీద నిగనిగలాడే ఆకుపచ్చ, అచ్చుకు వాడే సీఎమ్‌వైకే రంగుల్లోకి మారగానే వెలవెలబోతుంది. కిందటేడాది మీ డబ్బాకు ఆ రంగు కుదిరేవరకు మూడుసార్లు ప్రూఫ్ తీయించాం, గుర్తుందా? ఆ శ్రద్ధను తగ్గించుకుని పాత రేటుకే కొనసాగడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు చేతిలో ఉన్న కేటలాగుకు పాత రేటే వర్తిస్తుంది, అది జూలై దాటినా సరే. జూన్ 30లోగా మీరు మెయిల్‌లో ఖాయం చేసే కొత్త పనులకూ అంతే. వాటికి కావలసిన వివరాలు, ఫొటోలు మాత్రం జూలై 15కల్లా నాకు అందాలి. ఎప్పటిలాగే ప్రతి పనిలో రెండు విడతల మార్పులు కలిసే ఉంటాయి. మూడో విడత నుంచి గంటల లెక్కన తీసుకుంటాను. ఇన్నాళ్లూ దానికి బిల్లు వేయలేదు. ఇకపై మొదలుపెట్టే ముందే ఎన్ని గంటలు పడుతుందో చెప్పి, మీరు సరేనన్నాకే చేస్తాను. పూర్తి రేట్ల పట్టిక జతచేశాను.

మీ బడ్జెట్ పెంచడం కష్టమైతే దాచుకోకుండా చెప్పండి. నెలకు 12 పోస్టులకు బదులు 10 చేస్తే, నెల బిల్లు ఇప్పుడున్నంతే ఉంటుంది. లేదంటే పండుగ శుభాకాంక్షల వంటి మామూలు పోస్టులకు నేనే నమూనాలు తయారుచేసి ఇస్తాను. వాటిలో మాటలు, తేదీలు మీ సిబ్బంది మార్చుకోవచ్చు. నాకైతే ఈ రెండో మార్గమే మీకు ఎక్కువ ఉపయోగమనిపిస్తోంది.

నేను స్వతంత్రంగా పని మొదలుపెట్టిన కొత్తలో నమ్మి లేబుల్ అప్పగించింది మీరు. అందుకే ఈ మెయిల్ రాయడానికి చాలా ఆలోచించాను. జూన్ 10లోగా మీ అభిప్రాయం తెలియజేస్తే జూలై పనులను దాని ప్రకారం సర్దుకుంటాను. ఫోనులో మాట్లాడటం మేలనిపిస్తే, మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం 3 గంటల తర్వాత ఖాళీగానే ఉంటాను.

కేటలాగు ముఖచిత్రం రెండో ప్రూఫ్ శుక్రవారం పంపుతున్నాను.

కృతజ్ఞతలతో,
మాధవి