దట్టీ కట్టిన చేయి ఏ మతానిది? పీర్ల పండుగ, మత నిర్వచనం

1. మతం అని దేన్ని అంటున్నాం

పీర్ల పండుగ గురించి రాసేవారిలో ఎక్కువమంది దాన్ని మత సామరస్యానికి ఆనవాలుగా చూపుతారు. హిందువులు, ముస్లింలు కలిసి చేసుకునే పండుగ అంటారు. ఆ మాటలో ఆప్యాయత ఉంది, దాన్ని చిన్నచూపు చూడడం ఈ పత్రం ఉద్దేశం కాదు. కానీ ఆ మాట నిలబడాలంటే ముందుగా రెండు మతాలు, వాటి నడుమ ఒక గట్టు, ఆ గట్టు దాటి వచ్చే మనుషులు ఉండాలి. ఈ మూడూ ఉన్నాయా, లేవా అన్నది మతాన్ని ఎలా నిర్వచిస్తామన్న దానిపైనే ఆధారపడి ఉంటుంది. అందుకే నిర్వచనాన్ని పరిచయంలో ఒక పేరాతో ముగించి ముందుకు సాగడం నాకు సాధ్యం కాలేదు. ఈ పత్రంలోని వాదమంతా ఇక్కడే మలుపు తిరుగుతుంది.

ముందు విషయం చూద్దాం. ఈ అధ్యయనానికి ఎంచుకున్నది హైదరాబాద్ శివారు బస్తీ. ఒకప్పుడు విడి ఊరు, ఇప్పుడు నగరంలో భాగం. మొహర్రం నెలలో అక్కడి పీర్ల కొట్టంలో కర్బలా అమరుల గుర్తుగా పీర్లనే ధ్వజాలను నిలుపుతారు, ముందు అలావా అనే నిప్పుల గుండం తవ్వుతారు. పీర్లను చూసుకునే ముజావర్ ముస్లిం. మొక్కు చెల్లించడానికి వచ్చేవారిలో చాలామంది ఆషాఢంలో అమ్మవారికి బోనం ఎత్తేవారే. ఒక నడివయసు స్త్రీ కుడుకలు, మలీద తెచ్చి, ఊదు వేయించి, పీరుకు దట్టీ అనే మొక్కు గుడ్డ కట్టించింది. కొడుకు జబ్బు నయమైతే కట్టిస్తానని మొక్కుకుందట. మీరు ఏ మతం వారని అడిగితే హిందువులమని వెంటనే చెప్పింది. మరి ఈ మొక్కు ఏ మతానిదని అడిగితే, "మొక్కు మొక్కే కదా, పీరుకు మొక్కినాము" అంది. జనగణనలో ఒక్కొక్కరికి ఒక్క మతమే నమోదవుతుంది. ఆమె మొదటి జవాబు ఆ గడిలో సరిగ్గా ఇముడుతుంది. రెండో దానికి అక్కడ చోటు లేదు. ఈ పత్రం రెండో జవాబు గురించి.

ఆ జవాబును మూడు నిర్వచనాలతో చదివితే మూడు వేర్వేరు వాదాలు వస్తాయి.

1871లో మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టైలర్ మతానికి కనీస నిర్వచనంగా ఆత్మశక్తుల మీద నమ్మకాన్ని చెప్పాడు. ఆ లెక్కన ఈ స్త్రీ చేసినది నిస్సందేహంగా మతమే. మొక్కు వినే శక్తి ఒకటి ఉందని ఆమె నమ్మింది. పీరుకు, పోచమ్మకు మధ్య కూడా ఇక్కడ పెద్ద తేడా ఉండదు, ఇద్దరూ కోరిక తీర్చేవారే. కాబట్టి గట్టు దాటడమన్న ప్రశ్నే రాదు. కానీ దబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి ఆషూరా నాడు ఏనుగుపై అలం అనే పవిత్ర ధ్వజం ఊరేగింపు బయలుదేరినప్పుడు, నల్లబట్టలు కట్టి గుండెలు బాదుకుంటూ మాతం చేసే షియా భక్తుల విషయానికి వస్తే ఈ నిర్వచనం తడబడుతుంది. వారు అక్కడ ప్రధానంగా కోరికలు తీర్చుకోవడానికి రాలేదు. క్రీస్తుశకం 680లో కర్బలాలో అమరుడైన ఇమామ్ హుసేన్ కోసం దుఃఖిస్తున్నారు. నమ్మకాన్ని మాత్రమే కొలిచే కొలబద్దతో ఈ దుఃఖాన్ని కొలవలేం.

సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ 1912లో ఆ కొలబద్దనే పక్కన పెట్టాడు. దేవుళ్లు, ఆత్మలు కేంద్రం కాని బౌద్ధాన్ని టైలర్ నిర్వచనం పట్టుకోలేదన్నది అతని ఆక్షేపణల్లో ఒకటి. పవిత్రమైనవాటిని విడిగా ఉంచి, వాటికి సంబంధించిన నమ్మకాలు, ఆచరణలతో జనాన్ని ఒకే నైతిక సమాజంగా కట్టేదే మతమని అతను నిర్వచించాడు. ఈ కళ్లతో చూస్తే మన బస్తీ ఒక్కసారిగా వేరుగా కనిపిస్తుంది. అలావా చుట్టూ తిరిగేవారు రెండు మతాలవారు కారు, ఆ పది రోజులూ ఒకే సమాజం. సామరస్యమన్న మాటకే ఇక్కడ పని లేదు, ఎందుకంటే కలపడానికి రెండు పక్షాలు లేవు. నన్ను బాగా ఆకర్షించిన చదువు ఇదే. అయినా దీని ధర తక్కువ కాదు. మొహర్రం సంతాప కాలమని, డప్పులతో ఆటలాడే సందర్భం కాదని చెప్పే షియా భక్తుల అభ్యంతరం ఈ ఊరి సమాజంలో ఎక్కడా వినిపించదు. ఒకటయ్యారని మనం ప్రకటించిన సమాజంలో ఒక వర్గం గొంతును మనమే తొక్కేస్తున్నాం.

ఇంకో ఇబ్బంది, ఈ నిర్వచనానికి తలుపులు మరీ బార్లా తెరిచి ఉన్నాయి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో కొత్త సినిమా మొదటి ఆట ముందు హీరో కటౌటుకు పాలాభిషేకం చేసే అభిమానులకూ పవిత్రమైన వస్తువు ఉంది, తమదైన సమాజం ఉంది. వారినీ చేర్చుకుంటే మతం అన్న మాటకు విశ్లేషణలో పదును పోతుంది.

మూడో నిర్వచనం గ్రంథాలయం నుంచి కాక న్యాయస్థానం నుంచి వచ్చింది. శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు 1954లో రెండు ముఖ్యమైన మాటలు చెప్పింది. మతానికి దైవవిశ్వాసం తప్పనిసరి కాదు, బౌద్ధ జైనాలే ఉదాహరణ. ఒక మతంలో ఏది అత్యవసర భాగమో ఆ మత సిద్ధాంతాలను బట్టే తేల్చాలి. 1961లో అజ్మీర్ దర్గా కేసుకు వచ్చేసరికి, మూఢనమ్మకాల నుంచి పుట్టి మతానికి తర్వాత అంటుకున్న ఆచారాలకు రక్షణ దక్కకపోవచ్చని కోర్టు హెచ్చరించింది. దట్టీ కట్టించిన స్త్రీని ఈ వాకిట నిలబెట్టి చూడండి. ఇస్లాం సిద్ధాంతంలో ఆమె మొక్కుకు ఆధారం దొరకడం కష్టం. హిందూ శాస్త్రాల్లో పీరు లేడు. రెండు వైపులా ఆమె ఆచారం అనవసరమైన అంటుగానే తేలుతుంది. పీర్ల కొట్టం స్థలంపై రేపు తగాదా వస్తే నష్టపోయేది ఇలాంటివారే కనుక దీన్ని కేవలం పదాల పేచీగా నేను చూడలేను.

ఇవేవీ సరిపోకపోతే నిర్వచనమే మానేద్దామా? మానవశాస్త్రవేత్త తలాల్ అసద్ 1993లో, సార్వత్రిక నిర్వచనం అసాధ్యమని, ఏ నిర్వచనమైనా ఒక చరిత్రలో, ఒక అధికార వ్యవస్థలో పుట్టిందేనని గట్టిగా వాదించాడు. దాన్ని నేను ఒప్పుకుంటాను. కానీ దాన్నుంచి మౌనం పుట్టకూడదు. పరిశోధకుడు నిర్వచనం చెప్పకపోతే జనగణన గడి చెప్పేస్తుంది, పాఠకుడు దాన్నే తెచ్చుకుని చదువుతాడు.

అందువల్ల ఈ పత్రం వరకు మతమంటే ఇది: ఒక పవిత్ర శక్తికో స్మృతికో మనుషులు కట్టుబడి, ఆ కట్టుబాటును తర్వాతి తరానికి నేర్పుతూ, తప్పితే దోషమని భావిస్తూ నడిపే ఆచరణల సముదాయం. స్మృతి అన్న మాట కర్బలా దుఃఖానికి చోటిస్తుంది. దోషమన్న షరతు సినిమా అభిమానులను బయట ఉంచుతుంది, మొదటి ఆట చూడకపోతే దోషమని ఎవరూ అనుకోరు. మొక్కు తీర్చకపోతే ఏమవుతుందోనన్న భయం మాత్రం ఆ బస్తీలో ప్రతి ఇంటా విన్నాను. సభ్యత్వాన్ని నిర్వచనంలో కావాలనే చేర్చలేదు. కాబట్టి ఒకే మనిషి రెండు కట్టుబాట్లలో ఉండవచ్చు, ఒకే అలం దగ్గర రెండు మతాలు పక్కపక్కన నడవవచ్చు, అవి ఒకదానితో ఒకటి గొడవపడవచ్చు కూడా.

దీనివల్ల కొన్ని ప్రశ్నలు నా చేతిలోంచి జారిపోతాయి. పీర్ల పండుగకు వచ్చే హిందువులెందరు, ముస్లింలెందరు అన్న లెక్క ఈ పత్రంలో ఉండదు. ఎవరు ఎవరికి కట్టుబడ్డారు, దోషమేదో ఎవరు నిర్ణయిస్తారు అన్న ప్రశ్నలు దాని స్థానంలోకి వస్తాయి. రెండో భాగం ముజావర్ దగ్గర మొదలవడానికి కారణం అదే. దట్టీని ఎవరి చేతి నుంచి తీసుకోవాలో, ఎవరిని ఎంతవరకు లోపలికి రానివ్వాలో ఆ కొట్టంలో తేల్చేది అతనే.