చిన్నా, టాబ్ నీ దిండు పక్కనే ఉంది

చిన్నా,

నిద్రపోతున్నావని లేపలేదు. నిన్నటి నుంచి చూస్తున్నా, కుట్ల నొప్పి కన్నా ఊసుపోకే నిన్ను ఎక్కువ తినేస్తోంది. అందుకే టాబ్‌లో కొన్ని గేమ్‌లు వేసిపెట్టాను. నీ షూటింగ్ గేమ్ మాత్రం లేదు, వెతక్కు. ఓడిపోయావంటే మంచం మీద ఎగిరి కూర్చుంటావు, నాకు తెలియదా? కుడిచేతికి సెలైన్ సూది ఉంది కాబట్టి అన్నీ ఎడమచేతి వేలితో ఆడుకునేవే చూశాను.

ముందు అన్‌ప్యాకింగ్ తెరువు. అట్టపెట్టెల్లోంచి సామాన్లు తీసి గదిలో సర్దడమే ఆట. ఇంట్లో చొక్కా కూడా మడతపెట్టని నాకా ఇది అంటావు, తెలుసు. ఒక్క గది సర్ది చూడు. 1997లో ఒక అమ్మాయి పడగ్గదితో మొదలై, 2018 వరకు ఆమె మారిన ఇళ్లన్నీ వస్తాయి. ఎవరూ కనిపించరు, కథ ఎవరూ చెప్పరు. ఏ వస్తువు ఆమెతో పాటు ఇల్లిల్లూ తిరిగిందో, ఏది మధ్యలో మాయమైందో చూసి మనమే కనిపెట్టాలి. 2010లో ప్రియుడి ఫ్లాట్‌లోకి మారుతుంది. అక్కడ ఆమె డిగ్రీ సర్టిఫికెట్‌కి చోటు దొరకదు. నేను గోడలన్నీ వెతికాను. మిగతాది చెప్పను. టైమ్ లిమిట్ లేదు, మార్కులు లేవు, మధ్యలో కునుకు పట్టినా ఏమీ పోదు. చివర్లో తప్పు చోట ఉన్నవాటి చుట్టూ ఎర్ర గీత వస్తుంది. అది విసుగనిపిస్తే, ఏదైనా ఎక్కడైనా పెట్టుకోనిచ్చే ఆప్షన్ సెట్టింగ్స్‌లో ఉంది.

మాన్యుమెంట్ వ్యాలీ చిన్నది, పది అధ్యాయాలే. కోటలోని స్తంభాన్ని తిప్పితే తెగిన దారి అతుక్కుంటుంది, అదెలా కుదిరిందో బుర్రకి అందదు. మందుల మత్తులో ఉన్నప్పుడు మాత్రం ఆడకు, మామూలుగానే కళ్లను మోసం చేస్తుంది అది.

రాత్రి నిద్ర పట్టకపోతే ఆల్టోస్ ఒడిస్సీలో జెన్ మోడ్ పెట్టుకో. స్కోరు ఉండదు, ఏరుకోవాల్సిన నాణేలు ఉండవు. ఇసుక దిబ్బల మీద జారుతూ పోవడమే. పడిపోతే లేచి అక్కడి నుంచే మళ్లీ వెళ్తావు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకో, పక్క బెడ్ పెద్దాయన్ని లేపకు.

స్టార్‌డ్యూ వ్యాలీ కూడా ఉంది కానీ ఇంటికొచ్చాకే. ఎరిక్ బరోన్ అనే ఒక్కడు నాలుగేళ్లకు పైగా కూర్చుని చేశాడు దాన్ని. అందులో ఒక రోజంటే మనకి పావుగంట కూడా కాదు, ఇంకొక్క రోజు ఆడదాం అనుకుంటూ తెల్లవారుజాము చేసేస్తావు.

టాబ్‌ని పొట్టకి ఆనించకు, బెడ్ టేబుల్ దగ్గరికి లాక్కో. కళ్లు లాగితే ఆపేయి. సాయంత్రం చార్జర్ తెస్తాను. ఆలోగా 2010 దాకా వస్తే ఆ సర్టిఫికెట్ సంగతి ఫోన్ చేసి చెప్పు, దాని గురించి తిట్టుకోవడానికి నాకో తోడు కావాలి.

అక్క