విషయం: లెఫ్ట్ బ్యాక్‌గా ట్రయల్ అవకాశం కోరుతూ – కిశోర్, 19 ఏళ్లు, చిత్తూరు

కోచ్ గారికి నమస్కారం.

నా పేరు కిశోర్. మాది చిత్తూరు. వయసు 19, బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. లెఫ్ట్ బ్యాక్‌గా ఆడతాను. నాది ఎడమ కాలు. వచ్చే సీజన్ కోసం మీ క్లబ్‌లో కొత్త ఆటగాళ్లను చూస్తున్నారని మా కోచ్ సార్ చెప్పారు. నన్ను ఒకసారి ట్రయల్‌కి పిలవమని అడగడానికే ఈ మెయిల్ రాస్తున్నాను.

గత సీజన్‌లో తిరుపతిలో మీ జట్టు ఆడిన మ్యాచ్‌లు చూశాను సర్. మీ లెఫ్ట్ వింగర్ బాల్ తీసుకుని లోపలికి కట్ చేసినప్పుడల్లా బయట లైన్ పక్కన చాలా జాగా దొరుకుతోంది. అక్కడికి మీ లెఫ్ట్ బ్యాక్ సరైన సమయానికే వస్తున్నారు. కానీ ఆయనది కుడి కాలు కావడంతో క్రాస్ వేయడానికి బాల్‌ని వెనక్కి తిప్పుకోవాల్సి వస్తోంది. ఆ ఒక్క టచ్‌లోనే అవతలి డిఫెండర్లు సర్దుకుంటున్నారు. డిఫెన్స్‌లో ఆయన నాకన్నా గట్టి ఆటగాడు. ఆయన స్థానం అడగడానికి నేను రాయడం లేదు. ఆ లైన్ పక్కన ఆగకుండా, మొదటి టచ్‌కే ఎడమ కాలితో క్రాస్ వేయడం నాకు వచ్చు. ఆ పని మీ జట్టుకి ఉపయోగపడుతుందని నమ్ముతున్నాను.

ఈ మెయిల్‌తో పాటు ఒక వీడియో పంపుతున్నాను. అందరూ పంపే హైలైట్స్ కాదు, చిత్తూరు మెసానికల్ గ్రౌండ్‌లో ఆడిన ఒక మ్యాచ్ మొత్తం, ఎక్కడా కట్ చేయకుండా. డిఫెండర్‌ని మంచి క్లిప్పులతో అంచనా వేయలేరని నా అభిప్రాయం. బాల్ అవతలి వైపు ఉన్నప్పుడు అతను ఎక్కడ నిలబడ్డాడో హైలైట్స్‌లో కనిపించదు. మొత్తం చూసే తీరిక మీకు ఉండకపోవచ్చు కాబట్టి మూడు చోట్లు చెబుతాను. నాది నీలం జెర్సీ, నంబర్ 3.

23వ నిమిషంలో వాళ్ల రైట్ వింగర్ నాతో ఒంటరిగా తలపడతాడు. జిల్లాలో నేను ఎదుర్కొన్న వాళ్లలో అతనే అందరికన్నా వేగం. అతను రెండుసార్లు భుజం వంచి ఆశ చూపిస్తాడు, నేను కాలు పెట్టను. చూపు బాల్ మీదే ఉంచి, పక్కకి తిరిగి నిలబడి, లైన్ వైపు దారి వదులుతాను. అతను బాల్‌ని కాస్త ముందుకు తోసిన క్షణంలో అడ్డం వెళ్లి తీసుకుంటాను. తొందరపడి ట్యాక్లింగ్‌కి దిగకపోవడం నా ఆటలో అన్నిటికన్నా నమ్మదగిన విషయం.

61వ నిమిషంలో ఓవర్‌ల్యాప్ వెళ్లి క్రాస్ వేస్తాను. ఎత్తుగా కాదు, కీపర్‌కీ పెనాల్టీ స్పాట్‌కీ మధ్యలో, నేలకి దగ్గరగా. మా స్ట్రైకర్‌కి అందలేదు, గోల్ కాలేదు. అయినా నా క్రాస్ ఎలా ఉంటుందో అదే బాగా చూపిస్తుంది.

78వ నిమిషం కూడా చూడండి సర్. ఫార్ పోస్ట్ దగ్గర వాళ్ల స్ట్రైకర్ నా మీదుగా హెడర్ కొడతాడు. నా ఎత్తు 168 సెంటీమీటర్లు. ముందుగా ఒళ్లు ఆనించి అతని జంప్‌ని కొంత ఆపగలను కానీ, పొడుగు వాళ్లతో గాలిలో పోటీపడి గెలుస్తానని చెప్పలేను. మీరు ఫార్ పోస్ట్ దగ్గర సెంటర్ బ్యాక్ సాయం ఇచ్చే పద్ధతిలో ఆడిస్తే నాకు నప్పుతుంది.

వీడియోలో అంతగా కనిపించనిది నా త్రో. సుమారు 25 మీటర్లు విసరగలను. 68 మీటర్ల వెడల్పున్న గ్రౌండ్‌లో కార్నర్ దగ్గరి నుంచి విసిరితే బాల్ గోల్ ఏరియా అంచు దాకా వెళుతుంది. త్రో నుంచి నేరుగా వచ్చే బాల్‌కి ఆఫ్‌సైడ్ ఉండదు కాబట్టి, మీ పొడుగు స్ట్రైకర్‌ని కీపర్ ముందే నిలబెట్టుకోవచ్చు. మా జట్టులో దీన్ని కార్నర్ కిక్ లాగే ప్రాక్టీస్ చేస్తాం.

స్టామినా బాగుంటుంది. ఈ మధ్య యోయో టెస్ట్‌లో 1,600 మీటర్లు వచ్చింది. 30 మీటర్ల స్ప్రింట్ మాత్రం 4.4 సెకన్లు, అది వింగర్ వేగం కాదు. అందుకే వెనక పడి పరుగెత్తే అవసరం రాకుండా ముందే జాగా చూసుకుంటాను. కుడి కాలితో దగ్గరి పాస్ ఇవ్వగలను, పొడుగు బాల్ వేయలేను. ఇంకో విషయం, నేను ఆడిందంతా మట్టి గ్రౌండ్ మీదే. పచ్చిక మీద బాల్ వేగానికి అలవాటు పడటానికి నాకు కొంత టైమ్ పడుతుంది, ట్రయల్ మొదటి పది నిమిషాల్లో అది మీకు కనిపించవచ్చు. అండర్-19లో జిల్లా జట్టుకి ఆడాను, రాష్ట్ర జట్టులో ఇంతవరకు చోటు రాలేదు.

పెద్ద గాయాలేమీ లేవు. ప్రాక్టీస్‌కి ముందు ఫిఫా 11+ వార్మప్ మా జట్టులో అందరం చేస్తాం. అందులోని నార్డిక్ హ్యామ్‌స్ట్రింగ్ ఎక్సర్‌సైజ్ మొదట్లో చాలా కష్టంగా ఉండేది. ఇప్పుడు దాన్ని వదిలేసి గ్రౌండ్‌లోకి దిగాలంటేనే నాకు టెన్షన్.

రాకపోకల సంగతి కూడా ముందే చెప్పడం మంచిది. చిత్తూరు నుంచి తిరుపతి సుమారు 70 కిలోమీటర్లు, బస్సులో రెండు గంటల దాకా పడుతుంది. సాయంత్రం ప్రాక్టీస్ ఆలస్యమైతే కొర్లగుంటలో మా మేనత్త వాళ్లింట్లో ఉండిపోవచ్చు, అత్తతో మాట్లాడాను. మామిడి సీజన్‌లో నాన్నతో పాటు పల్ప్ ఫ్యాక్టరీలో పని చేస్తాను. ఆ నెలల్లో ఉదయం షిఫ్ట్ అడిగి తీసుకుంటాను, కాబట్టి సాయంత్రాలు ఖాళీయే. సెమిస్టర్ పరీక్షల రోజుల్లో మాత్రం ప్రాక్టీస్‌కి రాలేను, మ్యాచ్‌కి వస్తాను. జీతం ఆశించి రాయడం లేదు సర్. జట్టులోకి తీసుకుంటే బస్సు ఖర్చులు వచ్చేలా చూస్తే ఇంట్లో వాళ్లకి భారం ఉండదు. ట్రయల్‌కి మాత్రం నా ఖర్చుతోనే వస్తాను.

ఏఐఎఫ్ఎఫ్ సీఆర్‌ఎస్‌లో ప్రస్తుతం మా చిత్తూరు క్లబ్ తరఫున అమెచ్యూర్‌గా నమోదై ఉన్నాను. ఈ మెయిల్ రాస్తున్నట్టు మా కోచ్ సార్‌కి తెలుసు. ట్రాన్స్‌ఫర్ అవసరమైతే క్లబ్ నుంచి అభ్యంతరం ఉండదని అన్నారు. సీఆర్‌ఎస్ ఐడీ, వయసు ధ్రువీకరణ పత్రం, నా ఫోన్ నంబర్, మా కోచ్ సార్ నంబర్ జత చేసిన ఫైల్‌లో ఉన్నాయి. నా గురించి ఆయన్ని ఏమైనా అడగవచ్చు.

ఒక చిన్న విన్నపం. వీలైతే ట్రయల్‌లో పదకొండు మంది మ్యాచ్‌లో కొంతసేపైనా ఆడించండి. చిన్న గ్రౌండ్‌లో ఐదుగురితో ఆడితే డ్రిబ్లింగ్ చేసేవాళ్లే కనిపిస్తారు, లెఫ్ట్ బ్యాక్ నిలబడే తీరు బయటపడదు. కుదరకపోతే మీరు ఏ పద్ధతిలో పెట్టినా వస్తాను.

శని, ఆదివారాల్లో ఎప్పుడైనా రాగలను. మామూలు రోజుల్లో అయితే కాలేజీ అయ్యాక సాయంత్రం ఐదున్నరకి తిరుపతిలో ఉంటాను. రెండు రోజుల ముందు ఒక మెసేజ్ పెడితే చాలు.

ఇట్లు
మీ విధేయుడు
కిశోర్
చిత్తూరు

జత: మ్యాచ్ వీడియో లింక్, వివరాల ఫైల్