కెమిస్ట్రీ ప్రీ-ఫైనల్ ప్రాక్టికల్: పరిశీలన పత్రం, బెంచి నంబరు 7

ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ, మధ్యాహ్నం బ్యాచ్. తేదీ: 22 జనవరి 2025, బుధవారం. మొత్తం 30 మార్కులు.

ఇచ్చిన పని: (అ) 0.05 మోలార్ మోర్ లవణ ద్రావణంతో పొటాషియం పర్మాంగనేట్ మోలారిటీ కనుక్కోవడం. (ఆ) ఇచ్చిన సాదా లవణంలో ఒక కేటయాన్, ఒక ఆనయాన్ గుర్తించడం. ఇచ్చిన లవణం అమ్మోనియం క్లోరైడ్. ఈ సంగతి విద్యార్థినికి తెలియదు.

మార్కులు వేసే పద్ధతి: అడగకుండా సరిగ్గా చేస్తే పూర్తి మార్కు. సగం చేసినా, చెప్పాక చేసినా సగం. చేయకపోతే సున్నా. బెంచి దగ్గర నిలబడి కళ్లారా చూసిన వాటికే ఇక్కడ మార్కులు. జవాబుకు, లెక్కకు ఈ పత్రంలో మార్కులు లేవు. వాటిని రికార్డు దిద్దేటప్పుడు వేరుగా వేస్తాం. పక్కబెంచి చూసి సరైన జవాబు రాసిన విద్యార్థికీ, స్వయంగా చేసి కొంచెం తేడా తెచ్చుకున్న విద్యార్థికీ మధ్య తేడా తెలియాలనే ఈ ఏడాది ఇలా విడదీశాం.

మొదటి భాగం: చేతిపని (10)

1. బ్యూరెట్‌ను నీళ్లతో, ఆ తర్వాత కొద్దిగా పర్మాంగనేట్‌తో కడగడం. చేసింది. 1/1

2. పిపెట్‌ను మోర్ లవణ ద్రావణంతో, కానికల్ ఫ్లాస్క్‌ను స్వేదనజలంతో మాత్రమే కడగడం. పిపెట్ సరే. ఫ్లాస్క్‌ను కూడా మోర్ లవణంతోనే కడిగింది. అడుగున మిగిలిన చుక్కలు పిపెట్‌తో పోసిన 20 మి.లీ.కి అదనంగా చేరతాయి కాబట్టి బ్యూరెట్ రీడింగ్ పెరుగుతుంది. నేను చెప్పలేదు. రెండోసారికి తనే నీళ్లతో కడిగింది. 1/2

3. బ్యూరెట్ కొనలో గాలి బుడగ పోగొట్టడం, గరాటు తీసేయడం. రెండూ చేసింది. 2/2

4. పిపెట్ చివరి చుక్కను ఊదకుండా, కొనను ఫ్లాస్క్ గోడకు ఆనించి వదలడం. మూడుసార్లూ సరిగ్గా చేసింది. ఈ బ్యాచ్‌లో ఇది చాలామందికి రాలేదు. 2/2

5. టైట్రేషన్‌కు ముందు 20 మి.లీ. సజల సల్ఫ్యూరికామ్లం కలపడం. చేసింది. హైడ్రోక్లోరికామ్లం ఎందుకు వాడకూడదని అడిగితే, పర్మాంగనేట్ దాన్ని క్లోరిన్‌గా ఆక్సీకరిస్తుందని వెంటనే చెప్పింది. 1/1

6. ఎడమ చేత్తో స్టాప్‌కాక్, కుడి చేత్తో ఫ్లాస్క్ తిప్పుతూ, చివర్లో చుక్క చుక్కగా వదలడం. చివర్లో బాగా నెమ్మదించింది. మధ్యలో మాత్రం ఫ్లాస్క్ తిప్పడం ఆపేసి బ్యూరెట్ వైపే చూస్తూ ఉండిపోయింది. 1½/2

ఈ భాగానికి 8½.

రెండో భాగం: పరిశీలన (10)

7. రీడింగ్‌ను కంటి ఎత్తులో చూడడం. పర్మాంగనేట్ ముదురు రంగు కాబట్టి కింది వంపు కనబడదు, పై అంచునే చదవాలి. అమ్మాయి పొట్టి. మునివేళ్ల మీద నిలబడకుండా బ్యూరెట్ క్లాంపును కిందికి దించుకుంది. స్టాండు ఎక్కడున్నా దాన్ని తనకు తగ్గట్టు మార్చుకోవచ్చన్న ఆలోచన చాలామందికి రాదు. 2/2

8. ఎండ్ పాయింట్. లేత గులాబీ రంగు 30 సెకన్లు నిలవాలి. గడియారం చూసి ఆగింది. కానీ రికార్డులో ‘రంగు మారింది’ అని మాత్రమే రాసింది. ఏ రంగు నుంచి ఏ రంగుకో రాయలేదు. 1½/2

9. రీడింగులను చూసిన వెంటనే, పెన్నుతో, దిద్దకుండా రాయడం. ఆమె రాసినవి ఇవి: 19.9, 19.5, 19.5 మి.లీ. మొదటిది రాగానే పక్క బెంచి వాళ్లు 19.5 అనుకోవడం ఆమె విన్నది, నేనూ విన్నాను. 19.9ని కొట్టేయలేదు. దాని పక్కనే ‘ఫ్లాస్క్‌ను మోర్ లవణంతో కడిగాను, అందుకే ఎక్కువ వచ్చి ఉంటుంది’ అని రాసి, మళ్లీ చేసింది. తప్పు రీడింగ్‌ను దాచకుండా కారణం కనిపెట్టిన ఈ ఒక్క వాక్యం నాకు మిగతా అన్నిటికంటే విలువైనది. 3/3

10. లవణ పరీక్షలు: ముందు కనిపించింది, తర్వాత దాని అర్థం రాయడం. ఇక్కడ తొందరపడింది. సోడియం హైడ్రాక్సైడ్‌తో వేడి చేసి ఘాటు వాసన రాగానే ‘అమ్మోనియం ఉంది’ అని రాసేసింది. హైడ్రోక్లోరికామ్లంలో ముంచిన గాజుకడ్డీతో దట్టమైన తెల్లని పొగ, నెస్లర్ కారకంతో గోధుమరంగు అవక్షేపం ఆ తర్వాత చూసింది. సిల్వర్ నైట్రేట్‌తో వచ్చినదాన్ని ‘తెల్లని అవక్షేపం’ అని వదిలేసింది. అది పెరుగు విరిగినట్టు ఉంటుందని గానీ, అమ్మోనియం హైడ్రాక్సైడ్‌లో కరిగిందని గానీ లేదు. కరిగించి చూసింది, నేను చూశాను. చూసింది రాయలేదు. 1½/3

ఈ భాగానికి 8.

మూడో భాగం: భద్రత (10)

11. ఏప్రాన్, ముడివేసిన జుట్టు, కాలి ముందు భాగం కప్పే చెప్పులు, కళ్లద్దాలు. మొదటి మూడూ ఉన్నాయి. భద్రత కళ్లద్దాలు ల్యాబ్‌లో ఎనిమిదే ఉండడంతో ఈమె వంతుకు రాలేదు. మేం ఇవ్వనిదానికి పిల్లలకు మార్కు తగ్గించడం న్యాయం కాదు. 2/2

12. పిపెట్‌కు రబ్బరు బల్బు వాడడం, నోటితో పీల్చకపోవడం. మూడుసార్లూ బల్బే వాడింది. 2/2

13. టెస్ట్‌ట్యూబ్ వేడి చేయడం: మూడోవంతుకు మించి నింపకుండా, మూతి ఎవరి వైపూ లేకుండా, మంట మీద కదుపుతూ. సగానికి పైగా నింపింది. ఒకేచోట పట్టుకుంది. మూతి నేరుగా 8వ బెంచి విద్యార్థి ముఖం వైపు ఉంది. నేను చెయ్యి పట్టుకుని తిప్పాను. వేడి సోడియం హైడ్రాక్సైడ్ ఒక్కసారి ఎగిరి కంట్లో పడితే కన్ను పోయే ప్రమాదం ఉంది. ఈ అంశంలో సగం మార్కు లేదు. 0/3

14. వాసనను చేత్తో విసిరి చూడడం. చేసింది. 1/1

15. నెస్లర్ కారకంలో పాదరసం ఉంటుంది కాబట్టి దాన్ని సింకులో కాకుండా విడి సీసాలో పోయడం, బర్నర్ ఆర్పి బల్ల తుడవడం. సీసాలో పోసింది, బర్నర్ ఆర్పింది. బల్ల మీద పర్మాంగనేట్ మరకలు అలాగే ఉన్నాయి. 1½/2

ఈ భాగానికి 6½.

మొత్తం: 30కి 23.

విద్యార్థినికి: అమ్మా, నీ లెక్క చూశాను. 0.01026 మోలార్ వచ్చింది, 19.5 రీడింగుకు అదే రావాలి. సగటు తీసేటప్పుడు 19.9ని వదిలేసి, ఎందుకు వదిలావో రాయడం బాగుంది. వచ్చే నెల బోర్డు ప్రాక్టికల్స్‌లో టెన్షన్‌తో దాన్ని దిద్దాలనిపించినా దిద్దకు. లవణ పరీక్షల పట్టికలో ‘పరిశీలన’ గడి నింపే వరకు ‘నిర్ధారణ’ గడిలో పెన్ను పెట్టకు.

13వ అంశంలో సున్నా వచ్చిన వాళ్లను ఫైనల్‌కు ముందు బర్నర్ దగ్గరికి ఒంటరిగా పంపను. శుక్రవారం నాలుగింటికి ల్యాబ్‌కు రా. మొదట మామూలు నీళ్లతో, తర్వాత సోడియం హైడ్రాక్సైడ్‌తో మూడుసార్లు వేడి చేయాలి. 8వ బెంచి అబ్బాయికీ అదే సున్నా వచ్చింది కాబట్టి ఇద్దరూ కలిసి రండి.

ల్యాబ్ అసిస్టెంట్ గారికి: శుక్రవారానికి కనీసం రెండు జతల కళ్లద్దాలు పక్కన పెట్టండి. మిగతా బెంచీలకు కొనాల్సినవాటి జాబితా ఈ పత్రాలతో పాటే ప్రిన్సిపాల్ గారికి ఇస్తున్నాను. నెస్లర్ వ్యర్థాల సీసా దాదాపు నిండింది, మూత బిగించి లేబుల్ అంటించండి.