కేటలాగ్ హాలు చిత్రం: టేకు సోఫా, డిసెంబరు ఉదయం

ఫర్నిచర్ కేటలాగ్‌లో రెండు పేజీల మీద పరిచే, అచ్చం ఫొటోలా ఉండే అడ్డం చిత్రం, 3:2 నిష్పత్తి. హైదరాబాద్ ఫ్లాట్‌లో హాలు, 16 అడుగులు పొడవు, 12 అడుగులు వెడల్పు. కెమెరా దక్షిణం గోడ దగ్గర, కూర్చున్న మనిషి కంటి ఎత్తులో, ఉత్తరానికి చూస్తూ. 35 ఎంఎం లెన్స్, గోడల నిలువు గీతలు వంగకూడదు.

ఎదురుగా మూడు సీట్ల టేకు సోఫా. దీన్నే అమ్ముతున్నాం, కాబట్టి చూపు మొదట దీని మీదే ఆగాలి. తేనె రంగు టేకు, నూనె పట్టించిన మెరుపు మాత్రమే; అద్దంలా మెరిసే పాలిష్ వద్దు. చేతుల అంచులు గుండ్రంగా, చెక్క రేఖలు పొడవునా కనిపించాలి. వీపుకు పేము అల్లిక, రంధ్రాల్లోంచి వెనక గోడ తెలియాలి. సీట్లకు గోధుమరంగు ముతక నూలు గుడ్డ. ఒకే ఒక్క పోచంపల్లి ఇక్కత్ దిండు, ఎరుపు నలుపుల్లో, డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టు. అవి గీత గీసినట్టుంటే ప్రింటు గుడ్డ అనుకుంటారు.

నేల నీలం తాండూరు బండలు. గోడలు సున్నం తెలుపు.

వెలుగు: డిసెంబరు, ఉదయం 8 గంటలు. కుడివైపు తూర్పు కిటికీలోంచి, ఆగ్నేయం నుంచి ఏటవాలుగా ఎండ. గ్రిల్ నీడలు ఎడమకు, కొంచెం వెనక్కి సాగి సోఫా కాళ్ల దాకా రావాలి. లైట్లన్నీ ఆర్పి ఉండాలి.

వాతావరణం: ఆదివారం, తొందర లేని ఇల్లు. టీపాయ్ మీద మడత విప్పిన పేపరు, స్టీలు గ్లాసులో సగం తాగిన కాఫీ. మనుషులు, షాండ్లియర్, ప్లాస్టిక్ పూలు, పేపరు మీద చదవగలిగే అక్షరాలు వద్దు. ఎడమవైపు గోడ ఖాళీ. ధర అక్కడ వేస్తాం.